నర్సింగ్ స్లైడు చుట్టూ తిరిగే చెడ్డ సలహాలు

శాన్ రామన్‌లో డయాబ్లో వ్యాలీ కాలేజీకి ఒక క్యాంపస్ ఉంది. కానీ ఆర్‌ఎన్ చదవాలంటే ఊరు దాటాలి. పిట్స్‌బర్గ్‌లోని లాస్ మెడానోస్‌కో, శాన్ పాబ్లోలోని కాంట్రా కోస్టా కాలేజీకో, హేవర్డ్ వైపో వెళ్లాలి. డోహర్టీ వ్యాలీ ఇళ్లలో ఈ దారి పట్టిన తెలుగువాళ్లు రెండు రకాలు. ఇక్కడే హైస్కూలు ముగించిన పిల్లలు ఒక రకం. మన ఊళ్లలో బీఎస్సీ నర్సింగో జీఎన్‌ఎమ్మో చేసి, పెళ్లయి వచ్చి, ఇన్నేళ్లకు లైసెన్సు పరీక్షకు కూర్చుంటున్న ఆడవాళ్లు రెండో రకం. ఇద్దరికీ మొదటి వారంలోనే ఒకే స్లైడు చేతికొస్తుంది. అందులో ఐదు డబ్బాలుంటాయి: అసెస్‌మెంట్, డయాగ్నసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఇవాల్యుయేషన్. చివరి డబ్బా నుంచి ఒక బాణం మళ్లీ మొదటిదానికి తిరుగుతుంది.

ఆ స్లైడుతో పాటే దాన్ని ఎలా చదవాలో సలహాలూ వస్తాయి. సీనియర్లు, కజిన్లు, వాట్సాప్ గ్రూపుల్లో అక్కలు ప్రేమతోనే చెబుతారు. వాటిలో నాలుగు సలహాలు మార్కులు పోగొడతాయి. వార్డులోకి వెళ్లాక మనిషికీ ప్రమాదం తెస్తాయి. అవి ఎక్కడ విరుగుతాయో ఒకే రోగిని పెట్టుకుని చూద్దాం.

ఆవిడకు 64 ఏళ్లు. టైప్ 2 డయాబెటిస్ ఉంది, కిడ్నీలు సగం బలంతో పనిచేస్తున్నాయి, బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటున్నారు. ఉదయం 7:30కి 8 యూనిట్ల లిస్ప్రో ఇన్సులిన్ ఇచ్చారు. టిఫిన్ ట్రే వచ్చింది గానీ వికారంగా ఉందని రెండు చెంచాలు తిని పక్కన పెట్టేశారు. 9 గంటలకు నర్సు గదిలోకి వెళ్లేసరికి ఒళ్లంతా చెమట, అడిగినదానికి ఆలస్యంగా జవాబు. నర్సు మొదట ఏం చేయాలి? గ్లూకోజ్ కొలవడం, నాలుగు ఔన్సుల జ్యూస్ ఇవ్వడం, డాక్టరుకు ఫోన్ చేయడం, మధ్యాహ్నం ఇన్సులిన్ ఆపడం అని నాలుగు ఆప్షన్లు.

"ఏ ప్రశ్నలోనైనా అసెస్‌మెంట్ పెట్టేయ్, సగం కరెక్టవుతాయి."

అన్నింటికన్నా ఎక్కువగా వినబడేది ఇదే. పైన రాసిన ప్రశ్నకు ఇది సరైన జవాబే ఇస్తుంది, అందుకే జనం నమ్ముతారు. చెమటకు, మందకొడితనానికి కారణాలు చాలా ఉంటాయి. కొలత ఇంకా లేదు, మీటరు చేతికందేంత దూరంలో ఉంది, కొలవడానికి నిమిషం కూడా పట్టదు. కాబట్టి గ్లూకోజ్ కొలవాలి.

ఇప్పుడు ప్రశ్నలో ఒక్క వాక్యం కలపండి: "గ్లూకోజ్ 52." ఇప్పుడు మళ్లీ కొలవడం, బీపీ చూడటం, తిండి వివరాలు అడగడం అన్నీ తప్పు జవాబులు. 70 లోపు ఉంటే హైపోగ్లైసీమియా, 54 లోపు ఉంటే మెదడుకు ఇంధనం అందడం లేదని లెక్క. పేరు పెట్టడానికి కావలసినదంతా చేతిలో ఉంది, జ్యూస్ ఇవ్వాలి. స్లైడు మారలేదు, రోగి మారలేదు. ప్రశ్న మనల్ని ఏ డబ్బా దగ్గర దింపిందన్నదే మారింది.

డబ్బాల పేర్లు బట్టీ పట్టినవాళ్లకు ఈ తేడా కనబడదు. ఆలోచన డబ్బాల్లో లేదు, వాటి మధ్య బాణాల్లో ఉంది. స్లైడును ప్రింట్ తీసుకుని ఒక్కో బాణం మీద ఒక్కో ప్రశ్న రాయండి. మొదటి బాణం మీద: "పేరు పెట్టడానికి కావలసిన కొలత నా దగ్గర ఉందా?" లేకపోతే వెనకే ఉండి కొలవాలి. ఉంటే దాటాలి. దీనికి ఒక మినహాయింపు కూడా రాసుకోండి. లక్షణాలు స్పష్టంగా ఉండి మీటరు అందుబాటులో లేకపోతే కొలత కోసం ఆగకుండా చక్కెర ఇవ్వాలి. కొంచెం ఎక్కువైన చక్కెరను తర్వాత దించుకోవచ్చు.

మెటోప్రొలాల్ సంగతి కూడా ఈ బాణం దగ్గరే తేలుతుంది. బీటా బ్లాకర్లు గుండెదడను, వణుకును కప్పేస్తాయి, చెమటను మాత్రం కప్పలేవు. "నాడి 74, చేతులు వణకడం లేదు" అని ప్రశ్నలో ఉంటే చాలామంది హైపోగ్లైసీమియాను కొట్టేస్తారు. మందుల జాబితా చదివినవాళ్లు కొట్టేయరు. ప్రశ్న రాసినవాళ్లు ఏ మందునూ ఊరికే పెట్టరు.

"డయాగ్నసిస్ పేరు పర్‌ఫెక్టుగా రాయడం వస్తే చాలు, మిగతాది అదే వస్తుంది."

ఇది ముఖ్యంగా మన దగ్గర చదివి వచ్చినవాళ్ల అలవాటు. అక్కడ కేర్ ప్లాన్ అంటే పట్టిక. అసెస్‌మెంట్, నర్సింగ్ డయాగ్నసిస్, గోల్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, రేషనేల్, ఇవాల్యుయేషన్ అని గీతలు గీసి, ఏ గడీ ఖాళీ లేకుండా నింపితే మార్కులు. ఆ పట్టికలో ఈవిడకు నాలుగైదు డయాగ్నసిస్‌లు రాయొచ్చు: వికారం, తగ్గిన ఆహారం, డయాబెటిస్ గురించి అవగాహన లోపం, గ్లూకోజ్ అస్థిరంగా మారే ప్రమాదం. అన్నీ నిజమే. కానీ పట్టిక వాటిని పక్కపక్కన నిలబెడుతుంది, పరీక్ష మాత్రం ఒకదాని వెనక ఒకటి నిలబెట్టమంటుంది.

ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త రూపంలో నడుస్తోంది. అందులో మూడు కేస్ స్టడీలు వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. ఆ ఆరింటికీ ఒక వరుస ఉంది: ఆనవాళ్లు గుర్తించడం, వాటిని కలిపి చూడటం, అనుమానాల్లో ఏది ముందో తేల్చడం, ఉపాయాలు ఆలోచించడం, పని చేయడం, ఫలితం చూడటం. పాత స్లైడుతో పోలిస్తే రెండో డబ్బాను రెండుగా విడగొట్టి, విడిగా "ఏది ముందు" అన్న మెట్టు పెట్టారు. స్లైడులో ఆ మెట్టుకు డబ్బా లేదు కనుక రెండో బాణం మీద మనమే రాసుకోవాలి: "వచ్చే పదిహేను నిమిషాల్లో ఈవిడకు చేటు చేసేది ఏది?"

తక్కువ గ్లూకోజే. వికారం దానికి కారణం, అవగాహన లోపం రేపు సరిదిద్దేది. లిస్ప్రో పావుగంటలో పనిచేయడం మొదలుపెట్టి గంట, రెండు గంటల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. 7:30కి ఇచ్చింది 9కి మంచి జోరు మీద ఉంటుంది. పైగా కిడ్నీలు బలహీనమైతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అంటే గ్లూకోజ్ ఇంకా పడిపోవచ్చు. ఆగకుండా పని చేయాలన్న తీర్పుకు ఆధారం గడియారంలోనే ఉంది.

"హైపోగ్లైసీమియా అంటే జ్యూస్. అంతే, ఇంకేం ఆలోచించకు."

ఇది సగం నిజం. మూడో బాణం మీద ఉండాల్సిన ప్రశ్న: "ఈ పని ఈ మనిషికి, ఈ నిమిషంలో సురక్షితమేనా?" ఆవిడ మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల త్వరగా కరిగే చక్కెర ఇవ్వాలి. నాలుగు ఔన్సుల జ్యూస్, మూడు నాలుగు గ్లూకోజ్ మాత్రలు, ఒక టేబుల్ స్పూన్ పంచదార కలిపిన నీళ్లు, ఏదైనా ఇంచుమించు అంతే. కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి పొటాషియం ఎక్కువుండే నారింజ రసం కన్నా ఆపిల్ రసం మేలు. చాక్లెట్, పీనట్ బటర్ బిస్కెట్లు, మన ఇళ్లలో వెంటనే చేతికొచ్చే నెయ్యి లడ్డూ ఈ క్షణానికి పనికిరావు. వాటిలో తీపి ఉన్నా కొవ్వు దాన్ని నెమ్మదిగా లోపలికి వదులుతుంది.

ఇప్పుడు ప్రశ్నను ఇంకోసారి మార్చండి. "గ్లూకోజ్ 38, పిలిస్తే మూలుగుతున్నారు, కళ్లు తెరవడం లేదు." జ్యూస్ ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఐవీ లైను ఉంటే ఆర్డరు ప్రకారం 50 శాతం డెక్స్‌ట్రోస్ 25 గ్రాములు, లేకపోతే కండలోకి గ్లూకగాన్ 1 మిల్లీగ్రాము. గ్లూకగాన్ వాంతి తెప్పించవచ్చు కాబట్టి పక్కకు తిప్పడం మరవకూడదు. జబ్బు పేరు చూసి జవాబు పెట్టేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు, ఎందుకంటే రెండు ప్రశ్నల్లోనూ జబ్బు ఒకటే. స్పృహ, మింగడం అన్న రెండు మాటల కోసం ప్రశ్నంతా వెతకాలి.

"డాక్టరుకు ఫోన్ చేయడం ఎప్పుడూ తప్పు ఆప్షన్" అన్న మాట కూడా దీనికి తోడుగా తిరుగుతుంది. నర్సు తన అధికారంలో చేయగల పని మిగిలి ఉన్నంతవరకే అది తప్పు. ఇవ్వాల్సినవన్నీ ఇచ్చినా గ్లూకోజ్ లేవకపోతే, లేదా చేయాల్సిన పనికి ఆర్డరే లేకపోతే, ఫోన్ చేయడమే సరైన జవాబు.

"ఇవాల్యుయేషన్ అంటే చార్టులో రాయడం."

చార్టులో రాయాలి, కానీ అది ఇవాల్యుయేషన్ కాదు. నాలుగో బాణం మీద రాయాల్సింది: "పని ఫలించిందని ఏ అంకె చెబుతుంది, ఎంతసేపటికి?" ఈవిడ విషయంలో ఆ అంకె 70, సమయం 15 నిమిషాలు. జ్యూస్ తాగి "ఇప్పుడు బాగుందమ్మా" అన్నంత మాత్రాన ఆగకూడదు. వణుకును మందు కప్పేసే మనిషి విషయంలో బాగుందన్న మాట మీద మరీ ఆధారపడలేం.

15 నిమిషాలకు కొలిస్తే 66 వచ్చిందనుకుందాం. పెరిగింది కదా అని "ఫలించింది" అని పెడితే తప్పు, గురి 70. మళ్లీ 15 గ్రాములు, మళ్లీ 15 నిమిషాలు. రెండోసారి 84 వచ్చింది. స్లైడులో వెనక్కి తిరిగే బాణం ఇప్పుడు పనిలోకి వస్తుంది. భోజనానికి ఇంకా గంటకు పైగా ఉంటే పిండిపదార్థం, మాంసకృత్తులు రెండూ ఉన్న చిరుతిండి ఇవ్వాలి, లేకపోతే గ్లూకోజ్ మళ్లీ దిగుతుంది. ఆ తర్వాత మొదటి డబ్బాకు తిరిగి వెళ్లి, ఇందాక పక్కన పెట్టిన వికారాన్ని చేతిలోకి తీసుకోవాలి. ఎందుకు వచ్చింది, మధ్యాహ్నం తినగలరా, తినలేకపోతే ఆ పూట ఇన్సులిన్ సంగతేమిటి? మొదటి ప్రశ్నలో తప్పు జవాబుగా కనబడిన "మధ్యాహ్నం ఇన్సులిన్" ఆప్షన్ ఇప్పుడు డాక్టరుతో మాట్లాడాల్సిన అసలు విషయం అవుతుంది.

ఈ తిరుగు బాణం దగ్గరే "వర్తించేవన్నీ ఎంచుకోండి" అనే ప్రశ్నలు ఎక్కువగా పుడతాయి. "అనుమానమున్నవన్నీ టిక్ పెట్టెయ్" అని చెప్పేవాళ్లున్నారు. కొత్త పద్ధతిలో ఇలాంటి ప్రశ్నల్లో ప్రతి సరైన టిక్కుకు ఒక మార్కు కలుస్తుంది, ప్రతి తప్పు టిక్కుకు ఒకటి పోతుంది, సున్నా కంటే కిందికి మాత్రం దిగదు. మూడు సరైనవీ రెండు తప్పులూ పెడితే చేతికి వచ్చేది ఒకటే. ఒక్కో ఆప్షన్‌నూ విడిగా బాణం మీది ప్రశ్నకు ఎదురుగా పెట్టి, జవాబు దొరికితేనే టిక్ పెట్టాలి.

అభ్యాసం చేసేటప్పుడు ఒకే రోగితో నాలుగు ప్రశ్నలు మీరే రాసుకోండి: కొలత లేకుండా ఒకటి, కొలతతో ఒకటి, స్పృహ తప్పించి ఒకటి, చికిత్స తర్వాత అరకొర అంకెతో ఒకటి. ప్రతి జవాబు పక్కన ఏ బాణం దగ్గర ఆగారో, ఏ మాట చూసి ఆగారో రాయండి. ఆ మాట ప్రశ్నలో వేలు పెట్టి చూపించలేకపోతే, జవాబు సరైనదైనా దాన్ని తప్పుల లెక్కలోనే వేసుకుని మళ్లీ చేయండి.