స్లైడు ఫొటోను తెలుగు చేయడం: వినకూడని నాలుగు సలహాలు

ఖరగ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లల్లో రెండు రకాలవాళ్లు ఉంటారు. కొందరు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. ప్రతిబలం, వికృతి అంటే వాళ్లకు వెంటనే లెక్క గుర్తొస్తుంది, స్ట్రెస్, స్ట్రెయిన్ అంటే మాత్రం తడుముకుంటారు. మిగతావాళ్లు ఇక్కడి రైల్వే కాలనీల్లో పుట్టినవాళ్లు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పని కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషో హిందీయో బెంగాలీయో. వాళ్లకు స్ట్రెస్ తెలుసు, ప్రతిబలం అన్న మాట ఎప్పుడూ చెవిన పడలేదు.

క్లాసులో ఫోన్‌తో తీసిన స్లైడును తెలుగు చేసేటప్పుడు ఇంగ్లిషు మాటనూ తెలుగు మాటనూ పక్కపక్కన ఉంచమనేది ఈ ఇద్దరి కోసమే. ఒకరు తెలుగు వైపు నుంచి, మరొకరు ఇంగ్లిషు వైపు నుంచి వచ్చినా ఒకే భావం దగ్గర కలవాలి. ఈ పని ఎలా చేయాలో హాస్టళ్లలో, ట్యూషన్లలో చాలా సలహాలు తిరుగుతుంటాయి. వాటిలో నాలుగు నిజంగా చేటు చేస్తాయి. ఎందుకో ఒక స్లైడు మీద పెట్టి చూద్దాం.

స్లైడు రైలు పట్టా గురించి. పట్టాలను వెల్డింగుతో కలిపి పొడుగ్గా వేసినప్పుడు ఎండకు అందులో ఏం జరుగుతుందన్నది విషయం. ఇంగ్లిషు వాక్యాలు తీసేస్తే మిగిలే సారం ఇది:

```
ε = αΔT,  σ = 0
ε = 0,    σ = EαΔT
E = 2 × 10⁵ N/mm²
α = 1.15 × 10⁻⁵ /°C
ΔT = 30 °C
```

మొదటి వరుస ఏ అడ్డూ లేకుండా పడి ఉన్న పట్టాది. రెండోది స్లీపర్లకు బిగించి, కంకరలో కదలకుండా పట్టి ఉంచిన పట్టాది.

తప్పుడు సలహా 1: "ఫొటో ఎలా ఉన్నా పర్లేదు తమ్ముడూ, యాప్ చదివేసుకుంటుంది"

వెనక బెంచీ నుంచి ఏటవాలుగా తీసిన ఫొటోలో కూడా ఇంగ్లిషు వాక్యాలను ఫోన్ చాలావరకు సరిగ్గానే చదువుతుంది. అందుకే ఈ సలహా మీద నమ్మకం కుదురుతుంది. దెబ్బ తగిలేది గ్రీకు అక్షరాలకు, పైన చిన్నగా రాసే అంకెలకు. సిగ్మా కాస్తా ఇంగ్లిషు ఓ లాగో ఆరు అంకెలాగో మారుతుంది. డెల్టా ఏ అవుతుంది. ఘాతం కిందికి జారిపోతుంది.

ఆ జారడం ఎంత పని చేస్తుందో చూడండి. 2 × 10⁵ అన్నది 2 × 105గా దిగితే రెండు లక్షలు కావలసిన యంగ్ గుణకం 210కి పడిపోతుంది. మిగతా అంకెలు సరిగ్గానే ఉన్నా జవాబు 69 రావలసిన చోట 0.07 వస్తుంది. ఉక్కు ఉక్కులాగా కాక మెత్తని ప్లాస్టిక్‌లాగా ప్రవర్తిస్తున్నట్టు లెక్క. అనువాదంలో వాక్యాలన్నీ చక్కగా ఉంటాయి కాబట్టి చదివేవాడికి అనుమానం రాదు.

అందుకని ఫొటో తెరకు ఎదురుగా, వీలైనంత మధ్యలో నిలబడి తీయండి. నాలుగు అంచులూ పడాలి, ఎందుకంటే యూనిట్లు సాధారణంగా కుడి అంచునే ఉంటాయి. అనువాదం మొదలుపెట్టక ముందే సూత్రాలను, అంకెలను ఫొటో చూసుకుంటూ చేత్తో రాసుకోండి. సూత్రాల వరకు యాప్ చదివినదాన్ని తీసుకోవద్దు. రాసుకున్న అంకెలతో ఒకసారి గుణించండి. రెండు లక్షల్ని 1.15 × 10⁻⁵తో గుణిస్తే 2.3, దాన్ని 30తో గుణిస్తే 69. పాఠంలో ఇచ్చిన జవాబుతో ఇది కలిస్తేనే వాక్యాల జోలికి వెళ్లండి.

తప్పుడు సలహా 2: "డిక్షనరీలో మొదట ఏ అర్థం ఉంటే అది వేసెయ్"

నాలుగింటిలో ఎక్కువ హాని చేసేది ఇదే. మామూలు నిఘంటువులో స్ట్రెస్‌కు ఒత్తిడి అని ఉంటుంది. స్ట్రెయిన్‌కు కూడా ఒత్తిడి, శ్రమ అన్న అర్థాలే కనిపిస్తాయి. ప్రెషర్‌ను మనం రోజూ ఒత్తిడి అనే అంటాం. ఈ మూడూ ఒకే మాటలో పడ్డాక మన స్లైడులోని రెండో వరుస ఇలా తయారవుతుంది: బిగించిన పట్టాలో ఒత్తిడి సున్నా, కానీ ఒత్తిడి ఉంటుంది. పాఠం మొత్తానికి ప్రాణమైన వాక్యం అర్థం లేనిదై కూర్చుంటుంది.

నిజానికి అక్కడ చెప్పేది ఇది. ఎండకు పట్టా సాగాలి. సాగనిస్తే పొడవు మారుతుంది, అంటే వికృతి ఉంటుంది. లోపల మాత్రం ప్రతిబలం పుట్టదు. సాగనివ్వకపోతే పొడవు మారదు, మొత్తం వికృతి సున్నా. వేడి సాగదీయాలని చూసినంత మేరా పట్టా లోలోపల నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడు ప్రతిబలంగా నిలిచి ఉంటుంది. ముప్పై డిగ్రీల తేడాకు అది చదరపు మిల్లీమీటరుకు 69 న్యూటన్లు. మీటరుకు 60 కిలోల పట్టా అడ్డుకోత సుమారు 7,680 చదరపు మిల్లీమీటర్లు. రెండూ గుణిస్తే ఒక్క పట్టాలో దాదాపు 530 కిలోన్యూటన్ల బలం, అంటే 54 టన్నుల బరువుకు సమానం. పట్టా ఒక్క మిల్లీమీటరు కూడా కదిలినట్టు కనబడదు. స్ట్రెస్‌కూ స్ట్రెయిన్‌కూ వేరువేరు మాటలు ఉంటే తప్ప ఈ సంగతి తెలుగులో చెప్పలేం.

ఆ మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1968లో మొదలైన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలతో తరాల తరబడి ఇంటర్ పిల్లలు చదివిన మాటలివి. స్ట్రెస్ ప్రతిబలం, స్ట్రెయిన్ వికృతి, ప్రెషర్ పీడనం. కాబట్టి తెలుగు మాట కోసం ముందు తెరవాల్సింది ఇంటర్ భౌతికశాస్త్రం పుస్తకం. మామూలు నిఘంటువు సంగతి ఆ తర్వాత.

మాట సరైనదో కాదో యూనిటు చూసి తేల్చుకోవచ్చు. ప్రతిబలానికి చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అన్న యూనిటు ఉంటుంది. వికృతికి యూనిటు ఉండదు, అది పొడవును పొడవుతో భాగించిన నిష్పత్తి మాత్రమే. బలానికి న్యూటన్లు. మీరు వేసిన తెలుగు మాట పక్కన స్లైడులోని యూనిటు పెట్టి చూడండి. వికృతి 69 N/mm² అని వచ్చిందంటే జంట తారుమారైనట్టే. యూనిటు ఒకటైనంత మాత్రాన మాట ఒకటి కానక్కర్లేదు, పీడనానికీ ప్రతిబలానికీ ఉన్నది ఒకే యూనిటు. అలాంటి చోట నిర్వచనం కూడా చూడాలి. పీడనం ద్రవమో వాయువో బయటి నుంచి నొక్కేది. ప్రతిబలం ఘనపదార్థం లోపల ఎదురు నిలిచేది.

తప్పుడు సలహా 3: "ప్రతి మాటకూ తెలుగు ఉండి తీరాలి, లేకపోతే నువ్వే కల్పించు"

భాష మీది ప్రేమతోనే ఈ సలహా ఇస్తారు. ఆ ప్రేమ నాకూ ఉంది. అయినా దీన్ని పాటించవద్దనే చెబుతాను. ఇదే పాఠం తర్వాతి స్లైడులో బ్రీతింగ్ లెంగ్త్ అని వస్తుంది. పొడవాటి వెల్డింగు పట్టాలో మధ్యభాగం కదలదు, రెండు చివర్లలో ఒక్కోవైపు సుమారు 100 మీటర్ల మేర మాత్రం వేడికి సాగుతూ చలికి కుంచించుకుంటూ ఉంటుంది. ఆ కదిలే భాగానికి ఆ పేరు. దాన్ని శ్వాస పొడవు అని రాస్తే తెలుగు మీడియం కుర్రాడికీ అర్థం కాదు, రైల్వే కాలనీ కుర్రాడికీ అర్థం కాదు. ఫిష్‌ప్లేటును చేప పళ్లెం చేస్తే పట్టాల మీద పనిచేసిన తాతయ్య కూడా ఆ కాగితం పక్కన పెట్టేస్తాడు.

స్థిరపడిన తెలుగు మాట లేనప్పుడు ఇంగ్లిషు మాటనే ఉంచి, పక్కన ఒక చిన్న వివరణ రాయండి. బ్రీతింగ్ లెంగ్త్: పట్టా చివర వేడికి, చలికి కదిలే భాగం. బక్లింగ్: లోపలి నొక్కుడు తట్టుకోలేక పట్టా ఉన్నట్టుండి పక్కకు మెలితిరగడం. తెలుగు మాట ఉండాల్సిన చోట వివరణ ఉందంటే ఇక్కడ స్థిరమైన సమానార్థకం లేదని చదివేవాడికి తెలిసిపోతుంది. కల్పించిన మాట పెడితే అది పుస్తకంలో ఉన్నదే అనుకుని దాని కోసం వెతుకుతూ కూర్చుంటాడు.

తప్పుడు సలహా 4: "ఎందుకైనా మంచిది, ప్రతి వాక్యంలో రెండు మాటలూ రాయి"

ప్రతిబలం-స్ట్రెస్, వికృతి-స్ట్రెయిన్, యంగ్ గుణకం-యంగ్స్ మాడ్యులస్ అంటూ ప్రతి చోటా జంటలు దిగితే అయిదు వరుసల స్లైడు రెండు పేజీలవుతుంది. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. చదివేవాడు మూడో వరుసకే తనకు తెలిసిన మాటను మాత్రమే చూసి రెండోదాన్ని దాటేయడం మొదలుపెడతాడు. అప్పుడు జంట రాసిన ప్రయోజనమే పోతుంది.

జంట ఒక్కసారి చాలు, కానీ దానితో గుర్తు కూడా ఉండాలి. కాగితం పైభాగంలో చిన్న పట్టిక గీయండి. వరుసకు నాలుగు గళ్లు: గుర్తు, ఇంగ్లిషు మాట, తెలుగు మాట, యూనిటు. సిగ్మా పక్కన స్ట్రెస్, ప్రతిబలం, N/mm². ఎప్సిలాన్ పక్కన స్ట్రెయిన్, వికృతి, యూనిటు లేదు. ఆల్ఫా పక్కన దైర్ఘ్య వ్యాకోచ గుణకం, దాని ఇంగ్లిషు పేరు, డిగ్రీకి ఇంత అన్న యూనిటు. ఇక్కడ పత్రికలో ఇంగ్లిషు మాటలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను గానీ, మీ పట్టికలో వాటిని స్లైడులో ఉన్న ఇంగ్లిషు స్పెల్లింగుతోనే ఉంచండి. పరీక్షపేపరులో కనిపించేది ఆ స్పెల్లింగే, పుస్తకం వెనక పదసూచికలో వెతకాల్సిందీ దానితోనే. పట్టిక కింద వాక్యాలు మాత్రం తెలుగు మాటలతోనే సాఫీగా సాగనివ్వండి. ఎక్కడైనా సందేహం వస్తే సూత్రంలోని గుర్తు చదివేవాణ్ని తిరిగి పట్టిక దగ్గరికి తీసుకెళ్తుంది.

అనువాదం పూర్తయ్యాక ఒక పరీక్ష పెట్టండి. పట్టికలోని ఇంగ్లిషు గడిని కాగితంతో మూసి, తెలుగు మీడియంలో చదివిన స్నేహితుడికి ఇవ్వండి. ఉష్ణోగ్రత తేడా 40 డిగ్రీలైతే ప్రతిబలం ఎంతో లెక్కగట్టమనండి. తర్వాత తెలుగు గడిని మూసి, రైల్వే కాలనీ స్నేహితుణ్ని స్ట్రెస్ ఎంతో అడగండి. ఇద్దరూ 92 అనాలి. అంతటితో ఆపకుండా పట్టా పొడవు రెట్టింపైతే ఏమవుతుందో కూడా అడగండి. కదలని మధ్యభాగంలో ప్రతిబలం మారదని ఇద్దరూ చెప్పగలగాలి, ఎందుకంటే సూత్రంలో పొడవే లేదు. ఒకరు చెప్పి మరొకరు తడబడితే, తడబడినవాడి వైపు గడిలోని మాటను సరిచేయాలి.