మెసేజ్ పంపాం కదా!

మన బ్యాంకులు ఖాతాదారుకు చెప్పకుండా ఒక్క రూపాయి కూడా ముట్టుకోవు. ఈ మాట వాళ్లే చెబుతారు, కాస్త గర్వంగానే. కౌంటర్ దగ్గర ఏ ఫిర్యాదు పెట్టినా అద్దం అవతలి నుంచి వచ్చే మొదటి జవాబు ఒకటే: "మెసేజ్ పంపాం కదా!" వచ్చినదాన్ని చదవగలిగారా, చదివితే ఏమైనా బోధపడిందా అన్నవి బ్యాంకింగ్ పరిధిలోకి రాని సాహిత్య చర్చలు.

ఆ సాహిత్యానికి దొరికిన ఒక పాఠకురాలి కథ చెబుతాను. ఆమె పేరు ఎల్లవ్వ అనుకుందాం. నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చి చందానగర్‌లో ఒక రేకుల గదిలో ఉంటోంది. పొద్దున్నే ఎంఎంటీఎస్ ఎక్కుతుంది. హఫీజ్‌పేట దాటితే హైటెక్ సిటీ. అక్కడ ఒక అద్దాల భవనంలో హౌస్‌కీపింగ్ పని. ఎక్కడెక్కడి బ్యాంకులకో సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే కుర్రాళ్లు ఆ భవనంలోనే కూర్చుంటారు. వాళ్ల బల్లల కింద ఊడ్చేది ఎల్లవ్వే. ఊళ్లో ఉన్నప్పుడు కూడా ఆమెకు ఖాతా ఉండేది, కానీ దానికి కొడుకు నంబర్ ఇచ్చారు కనుక మెసేజ్‌లన్నీ కొడుక్కే వెళ్లేవి. ఇక్కడ కాంట్రాక్టర్ జీతం కోసం జూన్‌లో కొత్త ఖాతా తెరిపించాడు. ఈసారి నంబర్ ఆమెదే. అలా యాభైకి దగ్గరపడిన వయసులో ఎల్లవ్వ బ్యాంకుతో నేరుగా ఉత్తరప్రత్యుత్తరాలు మొదలుపెట్టింది. ఉత్తరాలు బ్యాంకువే అనుకోండి. ప్రత్యుత్తరాల సంగతి చివర్లో చెబుతాను.

జులై మొదటి వారంలో ఫోన్ టింగుమంది. `A/c XX4321 credited by Rs 11200.00 on 07-07. Avl Bal Rs 11200.00`. ఎల్లవ్వకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ముందు కనబడిన అంకె 4321. "నాలుగు వేల మూడొందల ఇరవై ఒకటే ఏసిండ్రు, మిగతాయి కాంట్రాక్టరు మింగిండు" అని గుండె బాదుకుంటూ గల్లీ చివర కిరాణా కొట్టుకు పరుగెత్తింది. ఆ ఇంటూ గుర్తులు చూసి, "తప్పు కొట్టిండ్రా సేటూ?" అని కూడా అడిగింది. బడిలో పంతులు అలాగే కొట్టేవాడు మరి. అవి ఖాతా నంబర్‌ను దాచే గుర్తులనీ, 4321 ఆ నంబర్ తోకేననీ కొట్టతను వివరించాడు. సైబరాబాద్‌లో బ్యాంకుల అసలు కస్టమర్ కేర్ కిరాణా కొట్లలోనే నడుస్తుంది. జీతం లేదు, సెలవు లేదు, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అన్న సంగీతమూ లేదు.

మొదటి పాఠం అలా అయింది: మొదటి అంకె డబ్బు కాదు, చివరి అంకె మిగిలిన డబ్బు. రెండో పాఠం ఆమె తనంతట తానే కనిపెట్టింది. వచ్చినప్పటి మెసేజ్‌కూ పోయినప్పటి మెసేజ్‌కూ ఒకే పొడవు, ఒకే మోత, ఒకే తోక. తేడా అంతా ఒక్క అక్షరంలో ఉంది. విరిగిన గాజు ముక్కలా ఉంటే డబ్బు వచ్చింది, ఆ ముక్క పక్కన కర్ర నిలబెడితే పోయింది. `credited`, `debited` అనే మాటల మీద ఇంతకన్నా పనికొచ్చే వ్యాఖ్యానం నేను ఏ బ్యాంకు కరపత్రంలోనూ చూడలేదు.

జీతం పడిన రోజు సాయంత్రమే కర్ర ఉన్న మెసేజ్ వచ్చింది. 436 రూపాయలు పోయాయి. పక్కన `PMJJBY` అని ఆరు అక్షరాలు. వెనకే ఇంకో 20 రూపాయలు, `PMSBY` అని. ఎల్లవ్వ ఇవి బ్యాంకు మామూళ్లు అనుకుంది. కిరాణా కొట్టతనూ అలాగే అనుకున్నాడు. మూడు వారాల తర్వాత పక్కింట్లో ఇంటర్ చదివే పిల్ల చూసి చెప్పింది, మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా అని. ఖాతా తెరిచినరోజు, "ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు" అంటూ వేయించిన వేలిముద్రల్లో దాని దరఖాస్తు కూడా ఉందన్నమాట. ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు వచ్చే పాలసీ అది. 2022 జూన్ నుంచి ఏడాదికి 436 రూపాయలు. పద్దెనిమిది నుంచి యాభై ఏళ్లలోపు చేరాలి, ఆ తర్వాత ఏటా మే నెలాఖరున ఖాతాలోంచి దానంతటదే కోత పడుతుంది. రెండోది ప్రమాద బీమా.

ఇందులో నాకు కడుపుమంట తెప్పించేది ఆ 436 కాదు. ఆ ధరకు అంత బీమా నిజానికి చవకే. కానీ ప్రీమియం కట్టే మనిషికి తాను బీమా కట్టినట్టు తెలియదు, నామినీగా రాసిన కొడుక్కి అసలే తెలియదు. రేపు ఆమెకేమైనా అయితే ఆ 2 లక్షలు వాటంతటవే ఇంటికి నడిచిరావు. క్లెయిమ్ ఫారం పెట్టాలి, మరణ ధ్రువపత్రం జతచేయాలి. లేదని అనుకున్నదానికి ఎవరు క్లెయిమ్ పెడతారు? ఆరు అక్షరాలు పంపి, ఒక పాలసీని ఇంట్లోనే పాతిపెట్టి, దానికి ఆర్థిక చేరిక అని పేరు పెట్టాం. ఎల్లవ్వ మాత్రం ఆ రాత్రే కొడుక్కి ఫోన్ చేసింది. "నేను సస్తే రెండు లచ్చలంట బిడ్డా, యాది పెట్టుకో" అంది. బ్యాంకు ఆరు అక్షరాల్లో చెప్పలేకపోయినదాన్ని ఆమె ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

సెప్టెంబరు నెలాఖరున ఇంకో కర్ర మెసేజ్: 17.70. పక్కన `SMS CHGS`. మూడు నెలలపాటు మెసేజ్‌లు పంపినందుకు 15 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. రుసుము కోసిన సంగతిని తెలిపే మెసేజ్ కూడా ఆ లెక్కలోదే కాబోలు. కొన్ని బ్యాంకులు దీన్ని ఎత్తేశాయి, ఈ బ్యాంకుకు ఇంకా ఆ బుద్ధి పుట్టలేదు. వాడినంత మేరకే వసూలు చేయమని రిజర్వు బ్యాంకు 2013 నవంబరులోనే చెప్పింది. నెలకు నాలుగు మెసేజ్‌లు వచ్చే ఎల్లవ్వ దగ్గరా, రోజుకు నలభై వచ్చే కుర్రాడి దగ్గరా అవే 15 రూపాయలు పుచ్చుకోవడం ఏ వాడకం లెక్కో మరి.

తెలుగులో ఎందుకు పంపరని అడిగితే ఒక సాంకేతిక కారణం సిద్ధంగా ఉంటుంది. అబద్ధం కాదు, విందాం. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగు యూనికోడ్‌లో వెళుతుంది కనుక 70 దాటితే రెండో ఎస్సెమ్మెస్ లెక్కలోకి వస్తుంది. మన గుణింతాలూ, సున్నాలూ, పొల్లులూ విడివిడిగా లెక్కకొస్తాయి. సరే, ఆ 70లోనే రాసి చూద్దాం: "మీ ఖాతా నుంచి రూ.17.70 తీసుకున్నాం. మెసేజ్ రుసుము. మిగిలింది 8214.30". లెక్కపెట్టండి, 68. తేదీ ఫోనే చూపిస్తుంది. ఖాతా తోక కూడా కావాలంటే రెండో ఎస్సెమ్మెస్ అవుతుంది, ఒప్పుకుంటాను. దాని ఖర్చు కొన్ని పైసలు, ఎల్లవ్వ కట్టింది పదిహేడు రూపాయల డెబ్భై. పోనీ నిబంధన అడ్డొస్తుందా? ట్రాయ్ 2018 నిబంధనల కింద ఇలాంటి ప్రతి సందేశం నమూనాను, అంకెలు మారేచోట ఖాళీ వదిలి, ముందే ఒకసారి నమోదు చేయించాలి. ఆ నమూనా తెలుగులో ఉండకూడదని ఎవరూ అనలేదు. పాస్‌బుక్కులూ ఫారాలూ ప్రాంతీయ భాషలోనూ ఉండాలని రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. కాగితం కాలం పోయి ఫోన్ కాలం వచ్చేసరికి తెలుగు కాగితం మీదే ఉండిపోయింది.

అక్టోబరులో ఎల్లవ్వకు చివరికి ఒక మంచి తెలుగు మెసేజ్ వచ్చింది. "అమ్మా, మీ ఖాతా ఈ రాత్రి నుంచి బంద్ అవుతుంది. ఈ నంబర్‌కు ఫోన్ చేయండి." పిల్ల చదివి వినిపిస్తే ఎల్లవ్వకు మొదటిసారి ప్రతి మాటా అర్థమైంది. ఏం జరుగుతుందో, ఎప్పుడు జరుగుతుందో, ఆమె ఏం చేయాలో అన్నీ ఉన్నాయి. పైగా అమ్మా అన్న పిలుపు. రాసినవాడు దొంగ అని వేరే చెప్పాలా?

ఆమె ఎలా పట్టిందో చూడండి. "మన బ్యాంకోళ్లు గింత మంచిగ రాయరు" అంది. నవ్వకండి, అంతకన్నా బలమైన ఆధారమూ ఆమె దగ్గర ఉంది. బ్యాంకు మెసేజ్ పైన పంపినవారి చోట ఎప్పుడూ అక్షరాలే ఉంటాయి, దీనికి పదంకెల మొబైల్ నంబర్ ఉంది. 2025 నుంచి అక్షరాల పేరు చివర ఇంకో గుర్తు కూడా వస్తోంది. లావాదేవీలకు `-T`, సేవలకు `-S`, ప్రచారానికి `-P`, ప్రభుత్వానికి `-G`. ఆమె ఆ పదంకెలు చూసి నంబర్ కొట్టలేదు. కిరాణా కొట్టతను ఇంకొకటి నేర్పాడు: "పొరపాటున మీకు ఐదువేలు పంపాను, తిరిగి వేయండి" అని ఎవరైనా అంటే మెసేజ్‌ను నమ్మొద్దు, ఏటీఎంలో మిగులు చూసుకోవాలి. మెసేజ్ ఎవడైనా రాయగలడు, మిగులును రాయలేడు.

ఇక మొదటి జవాబు దగ్గరికి వద్దాం. "మెసేజ్ పంపాం కదా" అన్నది ఒట్టి మాట కాదు, దాని వెనక ఒక గడియారం ఉంది. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మూడోవాడెవడో డబ్బు లాగేస్తే, మెసేజ్ అందిన రోజు పోను మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం సున్నా. ఓటీపీ తానే చెప్పేసిన మనిషికి ఈ రక్షణ లేదు, ఫిర్యాదు ఇచ్చేదాకా పోయిందంతా ఆమె మీదే. నాలుగు నుంచి ఏడో పనిదినంలోపు చెబితే మాత్రం "పరిమిత బాధ్యత". మామూలు పొదుపు ఖాతాకు ఆ పరిమితి 10 వేలు, బేసిక్ ఖాతాకు 5 వేలు. పోయిన సొమ్ము, పరిమితి, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఖాతాదారు భరించాలి.

ఇప్పుడు లెక్క వేయండి. ఎల్లవ్వ ఊడ్చే భవనంలోని ఒక ఐటీ ఉద్యోగి పొదుపు ఖాతాలోంచి 2 లక్షలు పోయి, నాలుగో పనిదినాన చెప్పాడు. అతను భరించేది 10 వేలు, మిగతా లక్షా తొంభై వేలు బ్యాంకువి. ఎల్లవ్వదీ మామూలు పొదుపు ఖాతానే, అందులో ఉన్నదే 8 వేలు. అది పోయి, ఆమె కూడా నాలుగో పనిదినానే చెప్పింది. పోయింది 8 వేలు, పరిమితి 10 వేలు. ఏది తక్కువ? ఎనిమిది వేలూ ఆమెవే. పరిమితి పేదవాళ్ల ఖాతా కన్నా ఎత్తుగా ఉంటే దాన్ని పరిమితి అనడం గొప్ప మర్యాద. అర్థంకాని మెసేజ్‌ను పట్టుకుని, కొట్టతను ఊళ్లో లేడనో, ఇంటర్ పిల్లకు పరీక్షలనో గడువు దాటి ఒక్కరోజు ఆగితే ఆ ఆలస్యం ఖరీదు ఎనిమిది వేలు. అందుకే కర్ర ఉన్న మెసేజ్ వచ్చి, ఆ డబ్బు తాను తీయలేదనిపిస్తే అర్థం కోసం ఎదురుచూడకుండా ముందు బ్యాంకుకూ, 1930కీ ఫోన్ కొట్టడమే ఆమెకు మిగిలిన దారి.

అదే సర్క్యులర్‌లో ఇంకో ముచ్చటైన వాక్యం ఉంది. వచ్చిన మెసేజ్‌కు అక్కడికక్కడే "రిప్లై" ఇచ్చి అభ్యంతరం చెప్పే సదుపాయం బ్యాంకులు కల్పించాలట. ఖాతాదారు వెబ్ పేజీల కోసమో, ఈమెయిల్ చిరునామాల కోసమో వెతుక్కునే పని ఉండకూడదట. మీ ఫోన్‌లోని ఏ బ్యాంకు మెసేజ్‌కైనా ఒకసారి బదులివ్వబోయి చూడండి. ఎల్లవ్వ ఇంటర్ పిల్లచేత 17.70 మెసేజ్ తెరిపించి, "గిదెందుకు కోసిండ్రని రాయి బిడ్డా" అంది. ఈ చిరునామాకు జవాబు పంపడం కుదరదని ఫోన్ చెప్పింది. కనీసం ఆ కబురుకు రుసుము లేదు, ఫోన్ దాన్ని ఉచితంగానే చెప్పింది.