చవకరావు విత్తనాల బేరం

చవకరావు లేని ఊరుండదు. సంతలో బెండకాయ కొన పుటుక్కున విరిగితే తప్ప సంచిలో వెయ్యడు. అదే బెండ విత్తనాల దగ్గరికొచ్చేసరికి ప్యాకెట్టు మీది నిగనిగలాడే కాయ బొమ్మనీ, ధరనీ చూసి జేబులోకి చెయ్యి పోనిస్తాడు. 360 రూపాయల ప్యాకెట్టు, 540 రూపాయల ప్యాకెట్టు పక్కపక్కన పెడితే ఆ చెయ్యి దేన్ని పట్టుకుంటుందో వేరే చెప్పాలా! ప్యాకెట్లు వెనక్కి తిప్పితే మొదటిది 200 గ్రాములు, రెండోది 250 అనుకుందాం. గ్రాము 1.80కే వచ్చిందని, రెండోదైతే 2.16 పడుతుందని ఆయన మీసం దువ్వుకోవచ్చు. కానీ ఆ కిందే మొలక శాతం ఉంటుంది. మొదటిది 65, రెండోది 90 అయితే 200 గ్రాముల్లో మొలిచేది 130, 250లో మొలిచేది 225. మొలిచే గ్రాముకి ఇప్పుడు లెక్క కడితే మొదటిది దాదాపు 2.77, రెండోది 2.40. మొదటిదాని తూకంలో ఉన్న మిగతా 70 గ్రాములూ మట్టికి సమర్పణ.

దీనికి చవకరావు దగ్గర జవాబుంది: "కుదురుకి రెండేసి గింజలు వేస్తానండీ, ఏదో ఒకటి రాకపోతుందా?" చాలాచోట్ల వస్తుంది, నిజమే. అయితే 65 శాతం విత్తనంలో రెండు గింజలూ మొండికేసే కుదుళ్లు నూటికి సుమారు 12. 90 శాతం విత్తనంలో ఒకటి. ఆ 12 చోట్లా పోగుంటలు వేసుకోవాలి. వారం పది రోజులు వెనకబడ్డ ఆ మొక్కలు పక్కవాటి నీడన నక్కి, కోతలు మొదలయ్యాక కూడా ఎదుగుతూనే ఉంటాయి. రెండేసి గింజలు వేస్తే విత్తనం ఖర్చూ రెట్టింపే, ఆ సంగతి ఆయన లెక్కలోకి రాదు.

అయితే ఆయన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. బెండకి మనదేశంలో కనీస మొలక ప్రమాణమే 65 శాతం. చాలామంది ఉత్పత్తిదారులు ఆ కనీసాన్నే అచ్చువేస్తారు, లోపలి సరుకు అంతకంటే మెరుగ్గా ఉండొచ్చు. పైగా ఈ లెక్క ఒకే రకానికి చెందిన ప్యాకెట్ల మధ్యే చెల్లుతుంది. పల్లాకు తెగులుకి తట్టుకునే రకాన్నీ, తట్టుకోలేనిదాన్నీ మొలకతో తూచలేం. కాబట్టి లేబుల్ మీద పరీక్ష తేదీ చూసుకుని, ప్యాకెట్టులోంచి ఏరకుండా నూరు గింజలు తీసి, తడిపి పిండిన గోనెపట్టాలో వరసగా పేర్చి చుట్టాలి. తడి ఆరనివ్వకుండా, నీళ్లు నిలవనివ్వకుండా వారం పది రోజులు చూడాలి. బెండ గింజ తోలు గట్టిది, నాలుగో రోజుకే తీర్పు చెప్పకూడదు. వేరూ మొలకా రెండూ సరిగ్గా ఎదిగినవే లెక్కకి. పగిలి ఆగినవి, బూజు పట్టినవి కాదు. నూటికి 88 వస్తే 360 రూపాయల ప్యాకెట్టులో మొలిచే గ్రాము 2.05కి దిగుతుంది. అప్పుడు చవకరావే గెలిచాడు, ఎందుకు గెలిచాడో మాత్రం ఆయనకు తెలియదు.