నంబర్ చెప్పండి, బిల్లు తర్వాత కొడతాం

పండగ ముందు వైరా మెయిన్ రోడ్డు మీద కొత్తగా బట్టల కొట్టు తెరిచారనుకుందాం. సరుకు దిగింది, బోర్డు వెలిగింది, ఇక కావాల్సింది జనం ఫోన్ నంబర్లు. పోగేయడం చాలా తేలిక. గిరాకీ చీర మడత పెట్టించి డబ్బులు తీసేలోపే, తలెత్తకుండా, కంప్యూటర్ వైపే చూస్తూ "నంబర్ చెప్పండి" అనాలి. ఎందుకని మాత్రం చెప్పకూడదు. చెబితే అవతలివాళ్లు ఆలోచిస్తారు. నంబరు లేకుండా బిల్లు రాదన్నట్టు మొహం పెడితే నూటికి తొంభై మంది పది అంకెలూ గడగడా అప్పజెబుతారు. నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే కొట్ల వాళ్లకు చెప్పింది. అది కొనేవాళ్లకే తెలియదు, కాబట్టి కొట్టువాళ్లు భయపడాల్సిన పనిలేదు.

రెండో కిటుకు లక్కీ డ్రా. అట్టపెట్టెకు రంగు కాగితం అంటించి పైన చీలిక పెట్టి, కూలరో బైకో బొమ్మ వేలాడదీస్తే సరి. కొణిజర్ల నుంచీ ఏన్కూరు నుంచీ వచ్చినవాళ్లు పేరు, ఊరు, నంబరు స్వహస్తాలతో రాసి వేస్తారు. ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఆ మనిషి నంబరు ఇచ్చింది కూలర్ తగిలితే ఫోన్ చేస్తారని. సంక్రాంతి ఆఫర్ కోసమో, బావమరిది పెట్టబోయే సెల్ పాయింట్ కోసమో కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ తేడాను ఒక మందుల షాపు ఉదాహరణతో చూపిస్తుంది. మందులు కొన్న ఆవిడ, డబ్బు ముట్టినట్టు రసీదు ఫోన్‌కు పంపమని నంబరు ఇచ్చింది. షాపువాడు ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. ఉదాహరణ అక్కడితో ఆగిపోతుంది, అసలు సంగతంతా ఆ ఆగిపోవడంలోనే ఉంది. నంబరు ఏ పనికి ఇచ్చారో ఆ పనికే అంగీకారం. ఆ పని అయిపోతే అంగీకారమూ అయిపోయినట్టే. పెట్టెలో చీటీ కాగితంగా ఉన్నంతకాలం ఈ చట్టం దాని జోలికి రాదు. కొట్టు కుర్రాడు దాన్ని ఫోన్‌లోకి ఎక్కించిన క్షణం నుంచీ వస్తుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అంగీకారం గురించిన భాగం అమలుకు 18 నెలల గడువిచ్చారు. తొందరపడాలంటే ఇదే సమయం.

ఇక నాకు బాగా నచ్చిన కిటుకు వాట్సాప్ గ్రూపు. నిజానికి వాట్సాప్‌లోనే బ్రాడ్‌కాస్ట్ లిస్టు అని మర్యాదస్తుల ఏర్పాటు ఒకటుంది. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, ఒక్కసారి పంపితే ఎవరికి వారికి విడిగా చేరుతుంది, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు. దీంతో ఒకటే చిక్కు. మన నంబరు తమ ఫోన్‌లో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. లక్కీ డ్రా పెట్టెలో తొమ్మిది వందల చీటీలు పడ్డాయనుకోండి. నాలుగు లిస్టులు కట్టి పంపాక ఆ మెసేజ్ మీద నొక్కిపట్టి వివరాలు చూస్తే, చేరినవాళ్ల పేర్లు కొద్దిగానే కనబడతాయి. యాప్ పాడైందని కొట్టులో అందరూ అనుకుంటారు. పాడవలేదు, మన కొట్టు ఎంతమందికి కావాలో లెక్క తేల్చింది. ఆ లెక్క మింగుడుపడక గ్రూపు కడతాం. గ్రూపులో ఎవరు మన నంబరు దాచుకున్నా దాచుకోకపోయినా మెసేజ్ పోతుంది. దాంతోపాటు ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ పోతుంది. జాకెట్ కుట్టడం అయ్యాక చెబుతారని నంబరు ఇచ్చిన అమ్మాయికి రాత్రి పదకొండింటికి ముక్కూమొహం తెలియనివాడు "హాయ్" అని పెడతాడు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ అమ్మాయికి ఎప్పటికీ తెలియదు, కొట్టువాడికీ తెలియదు. ఇది ఊహించి భయపెట్టడం కాదు. ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి షాపుల నుంచి ఆడపిల్లల నంబర్లు అమ్ముడుపోతున్నాయని 2017లో పత్రికలు రాశాయి. అక్కడ డబ్బుకు అమ్మారు, గ్రూపు కట్టిన మనం ఉచితంగా పంచుతున్నాం. ఎరువుల కొట్టు గ్రూపు అయితే ఇంకో మెట్టు పైకి ఎక్కొచ్చు. మిర్చి మందుల ఆఫర్ కింద "పాత బాకీలు కట్టాల్సినవారు" అని పేర్లు వరసగా పెడితే వసూలుతోపాటు పరువు కూడా ఒకే దెబ్బకు తేలిపోతుంది.

గ్రూపులోంచి బయటికి పోయినవాళ్లను మళ్లీ చేర్చండి. పొరపాటున పోయి ఉంటారు.

చిన్న కొట్టుకు ఇంత రాద్ధాంతమా అని అడగొచ్చు. అడగాల్సిందే. యూరియా లోడు వచ్చిందని తెలిస్తే రైతుకు ఒక రోజు కలిసొస్తుంది, అలాంటి మెసేజ్ ఎవరికి చేదు? చేదు కాదు, ఎందుకంటే "లోడు వస్తే చెప్పు అన్నా" అని ఆ రైతే అడిగాడు. ఆ వాక్యమే అంగీకారం. దాని వెనకాలే ట్రాక్టర్ ఫైనాన్స్ ప్రకటన పంపితే, ఆ వాక్యంలో లేనిదాన్ని పంపినట్టు. చిన్న కొట్టు అన్న వాదన వెనక్కి తిరిగి మనకే తగులుతుంది కూడా. పెద్ద కంపెనీలు ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం తమ పేరూ, పంపే మాటల నమూనా ముందే నమోదు చేయించుకుని ఎస్ఎంఎస్‌లు పంపుతాయి. మనం సొంత సిమ్ మీదనుంచి వందల ఎస్ఎంఎస్‌లు కొడతాం. విసిగినవాళ్లు 1909కి ఫిర్యాదు చేయొచ్చు. 2025 ఫిబ్రవరి సవరణ తర్వాత పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు చాలు, చర్య మొదలవుతుంది. తప్పు తేలితే మొదటిసారి 15 రోజులు బయటికి కాల్స్ బంద్, మళ్లీ చేస్తే ఏడాదిపాటు కనెక్షన్లే కట్. బోర్డు మీద రాయించిందీ, ఆర్డర్లు వచ్చేదీ, డబ్బులు పడే యాప్‌కు కట్టిందీ ఆ నంబరే అయితే, ఆఫర్ ఎంత మంచిదైనా గిట్టుబాటు కాదు. వాట్సాప్‌కు ఈ 1909 లెక్క వర్తించదు. అక్కడ జనం చడీచప్పుడు లేకుండా బ్లాక్ చేస్తారు. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అందరికీ ఇష్టమేనని మనం అనుకుంటాం.

వ్యంగ్యం కాసేపు పక్కన పెడితే, అడగడానికి పట్టేది ఒక్క ఊపిరి. "అక్కా, జాకెట్ అయ్యాక ఫోన్ చేస్తాం. పండగకు రేట్లు తగ్గిస్తే అది కూడా చెప్పమంటారా, వద్దా?" నోటుబుక్కులో నంబరు పక్కన తేదీ, దేనికి ఇచ్చారో ఒక మాట, ఆఫర్లకు అవును లేదా వద్దు. ఒప్పుకున్న మనిషిని మన నంబరు అక్కడికక్కడే దాచుకోమంటే బ్రాడ్‌కాస్ట్ చిక్కూ తీరుతుంది. "వద్దు" అని ఒక్క మెసేజ్ పెడితే ఆ పూటే పేరు కొట్టేయాలి, ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకోగలగాలన్నదే చట్టం మాట కూడా. ఇలా చేస్తే తొమ్మిది వందలు కాస్తా నూటయాభైకి రావచ్చు. బాధే. ఇంటికి ఒకే ఫోన్ ఉన్నచోట ఇంకో జాగ్రత్త కావాలి. ఎవరు ఏం కొన్నారో, ఎంత బాకీయో మెసేజ్‌లో రాయకూడదు, అది ముందు ఎవరి కంట పడుతుందో తెలియదు. నంబర్లకు కూడా ఆయుష్షు ఉంటుంది. మూతపడిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత కంపెనీ వేరే మనిషికి ఇచ్చేయొచ్చు. అందుకే ఏడాదిగా కొట్టు మొహం చూడనివాళ్లను మళ్లీ అడగాలి, లేకపోతే తీసేయాలి.

ఇదంతా తెలిసీ, కౌంటరు ముందు నిలబడితే అడక్కముందే నంబరు చెప్పే జాతి మనది, నేనూ అందులోవాణ్నే. కాబట్టి కొట్టువాళ్లు దిగులు పడొద్దు. చివరి కిటుకు ఒకటే మిగిలింది. డ్రా అయిపోయాక చీటీలు చింపే శ్రమ ఎందుకు, పాత కాగితాల కింద కిలోల లెక్కన అమ్మేయండి. సాయంత్రం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల పొట్లం విప్పినవాళ్లకు నూనె మరకల మధ్య ఒక పేరు, ఒక ఊరు, పది అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి.