నేరం జాతకానిది, మాది కాదు

పాతబస్తీలో ఎవరూ ఎవరినీ వద్దనరు. అంత మోటుతనం మాకు చేతకాదు. వద్దనే పనిని దేవుడికో, గ్రహాలకో అప్పగిస్తాం.

ముస్లింల ఇళ్లలో పెళ్లి పైగాం నచ్చకపోతే ‘ఇస్తిఖారా సరిగా రాలేదు’ అని కబురు పెడతారు. ఇస్తిఖారా అంటే రెండు రకాతుల నఫిల్ నమాజు చదివి, ఏది మేలో అటు నడిపించమని అల్లాను వేడుకోవడం. అందుకు కలే రావాలన్న నియమం లేదు. అయినా నచ్చని సంబంధమైతే చాలు, ఆ రాత్రికే కల తయారు! నిఖాలో అమ్మాయి ఒప్పుకోలు తప్పనిసరిగా అడుగుతారు కదా; మరి ఒప్పుకోకపోవడానికి కల సాక్ష్యం దేనికో!

మన ఇళ్లలో ఆ కొలువు జాతకానిది. గౌలిపురాలో ఓ అమ్మాయి ఉందనుకోండి. పత్తర్‌గట్టీ బట్టల దుకాణంలో తనతో పనిచేసే అబ్బాయి ఇరానీ చాయ్ మీద పెళ్లి మాటెత్తాడు. దోస్తుగా అతనంటే ఆమెకు ఇష్టమే, మొగుడిగా ఊహ కూడా రాదు. నొప్పించడమెందుకని ‘ఇప్పుడే పెండ్లొద్దనుకుంటున్న’ అంది. ‘రెండేండ్లయినా ఆగుతా’ అన్నాడతను. ‘ఇంట్ల ఒప్పుకోరు’ అంది. లాల్‌దర్వాజా బోనాలకు వచ్చి వాళ్ల నాన్న కాళ్లకు మొక్కిపోయాడు. చివరికి జాతకాలు. ముప్పై ఆరు గుణాల్లో పద్దెనిమిదైనా కలవాలి, పదునాలుగే కలిశాయి. అమ్మయ్య అనుకునేలోగా అబ్బాయి తల్లి ఇంకో పంతులును పట్టుకుంది. ఆయన లెక్కలో ఇరవై రెండు! పైగా చిన్న దోషానికి శాంతి.

సాకు చెప్పిన ప్రతిసారీ అతని చేతికో పని ఇచ్చింది పాపం. అడ్డంకి ఇదీ అంటే ప్రేమించినవాడు దాన్ని తొలగించక ఊరుకుంటాడా? ఇక మిగిలింది రాఖీ. నిన్న పెళ్లడిగినవాడి మణికట్టుకు తెల్లారి దారం కట్టి, నలుగురిలో అన్నను చేయడం మన దయాగుణానికి పరాకాష్ఠ.

అతను మార్చలేనిది ఒక్కటే, ఆమె మనసు. అదే చెప్పాలి, ఇద్దరే ఉన్నప్పుడు: ‘నువ్వంటే నాకు ఇష్టమే, దోస్తువి. కానీ పెండ్లి చేసుకునే మనసు లేదు. ఇది మారదు, నాకోసం ఆగకు.’ ఇందులో ‘ఇప్పుడే’ లేదు, ‘చూద్దాం’ లేదు. ‘నాకన్నా మంచి పిల్ల దొరుకుతది’ అనే ఓదార్పు బహుమతీ లేదు. ఆ తర్వాత కొన్నాళ్లు రాత్రి పదకొండింటికి ‘తిన్నవా?’ అని మెసేజీ పెట్టకూడదు. దుకాణంలో ఎవరికీ చెప్పకూడదు. ఇందులో రెండోదే మనకు ప్రాణసంకటం. అబ్బాయిలు కాదనాల్సి వచ్చినా ఇదే వరస. ‘అమ్మ ఒప్పుకోదు’ అని వాళ్లు తల్లిని అడ్డం పెట్టుకునే విద్య గురించి రాయాలంటే వేరే పేజీ కావాలి.

ముఖం మీదే వద్దంటే పిల్లాడి మనసు విరగదా అని పెద్దలు అడుగుతారు. విరుగుతుంది. మరి రెండో పంతులుకు ఇచ్చిన దక్షిణ ఎవరు తిరిగిస్తారండీ?