పది నిమిషాల పని

ఫిబ్రవరి వచ్చిందంటే మా స్టాఫ్ రూములో నా గ్లామరు అమాంతం పెరిగిపోతుంది. మిగతా నెలల్లో నా వైపు కన్నెత్తి చూడనివాళ్లు కూడా "లెక్కల మాస్టారూ, టీ తాగారా?" అని ఆప్యాయంగా అడుగుతారు. ఆ టీ వెనకాల ఏముందో, ఏ ఆఫీసులో పనిచేసినా మీకు తెలిసే ఉంటుంది. మా బళ్లో దాని పేరు ఇన్‌కం టాక్స్ ఫారం. ఏడాది పన్ను లెక్క కట్టి హెడ్మాస్టరుగారికి ఇస్తే తప్ప ఫిబ్రవరి జీతం బిల్లు కదలదు. నాకు ఎక్సెల్ వచ్చని ఎప్పుడో కొత్తలో గొప్పగా చెప్పుకున్నాను. ఎవరూ మర్చిపోలేదు.

"పది నిమిషాల పని మాస్టారూ" అంటారు. ఎవరి పనైనా పక్కవాడి చేతికి వచ్చేసరికి పది నిమిషాల పనే కదా!

ఈ ఏడు మా సోషల్ మాస్టారి పది నిమిషాలు ఎలా గడిచాయో చెబుతాను. ఆయన ఏడాది జీతం మొత్తం 13,20,000. "కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల దాకా పన్నే లేదటగా, ఒక్క సంతకం పెట్టి పడేద్దాం" అంటూ వచ్చాడు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 12,45,000 మిగిలింది. అంటే పన్నెండు లక్షలు దాటి 45,000. శ్లాబుల ప్రకారం వేస్తే పన్ను 66,750 వచ్చింది. ఆయన ముఖం చూడలేకపోయాను. తర్వాత గుర్తొచ్చింది, పన్నెండు లక్షలు కొంచెమే దాటినవాడికి, దాటినదానికంటే పన్ను ఎక్కువ ఉండకూడదని ఓ వెసులుబాటు ఉంది. దాంతో 45,000కి దిగింది, పైన నాలుగు శాతం సెస్సు. ఆయన ముఖం వికసించింది. అంతలో "అన్నట్టు బ్యాంకులో డిపాజిట్ ఉంది, పన్నెండు వేలు వడ్డీ వచ్చింది, అదీ చెప్పాలా?" అన్నాడు. చెప్పాలి. అలా కొంచెమే దాటినవాళ్లకు వచ్చే ప్రతి అదనపు రూపాయీ పన్నుకే పోతుంది. వడ్డీ పన్నెండు వేలు, దాని మీద పెరిగిన పన్ను సెస్సుతో కలిపి 12,480. ఆ 480 నేనే జేబులో వేసుకున్నట్టు చూశాడాయన. మా ఇంట్లో అప్పటికి భోజనాలయిపోయాయి.

అక్కడితో అయిపోతే నేనీ కథ మీకు చెప్పేవాణ్ని కాదు. రెండ్రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. "మా ఆవిడది కూడా చూడాలి మాస్టారూ. వాళ్ల స్కూల్లో ఇంకో నలుగురివీ ఉన్నాయట. మా మాస్టారు చూస్తారులెమ్మని మాటిచ్చేసింది."

మా స్కూల్లో టెన్త్ పిల్లలకు పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు నావే. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదున్నాయి. కాదనడానికి ఇంతకంటే నిఖార్సయిన కారణం ఏం కావాలి? కానీ మా అమ్మాయికి అర్ధరాత్రి జ్వరమొస్తే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషాయన. ముఖం మీద ఎలా కాదంటాను? అందుకని నిజం అట్టేపెట్టి అబద్ధాలు మొదలెట్టాను.

"కంప్యూటర్ పాడైంది" అన్నాను. మర్నాడు వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్ తెచ్చాడు. "నెట్ రావట్లేదు" అంటే ఫోన్ తీసి హాట్‌స్పాట్ పెట్టాడు. ఇంక దారి లేక "మా ఆవిడకు ఒంట్లో బాగోలేదు, సాయంత్రాలు కుదరదు" అన్నాను. ఆ సాయంత్రమే హార్లిక్సు సీసా, అరటిపళ్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. మా ఆవిడ వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని, నోట్లో దారం పెట్టుకుని, జాకెట్టు చేతులు అతుకుతోంది.

"ఎలా ఉంది చెల్లెమ్మా ఒంట్లో?"

"నాకేమైంది అన్నయ్యగారూ?"

ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. ఆ క్షణంలో నేను తులసికోటకు నీళ్లు పోస్తూ ఎంత ఏకాగ్రత చూపించానో ఆ తులసమ్మకే ఎరుక.

ఆయన వెళ్లాక మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీరు కారణం చెబితే, ఆయన దానికి మందు తెచ్చాడు. ఇంకోటి చెప్పారు, దానికీ తెచ్చాడు. తప్పు ఆయనదా?" అంది. "ఎన్ని కారణాలు చెబితే అన్ని తలుపులు తీసి పెట్టినట్టే."

మా ఆవిడ ఈ విద్యలో పండిపోయిన మనిషి. వీధి మొత్తానికి జాకెట్లు కుడుతుంది, రోజుకొకరిని వెనక్కి పంపుతుంది, ఎవరూ అలగరు. మర్నాడే ఎదురింటి వదినగారు పట్టు జాకెట్టు ముక్కతో వచ్చింది. గురువారం పెళ్లి. నేను పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను.

మా ఆవిడ ముందు ముక్కను చేతిలోకి తీసుకుని జరీ చూసి "రంగు భలే ఉంది వదినా" అంది. ఆ వెంటనే "గురువారానికి నావల్ల కాదు. ఒప్పుకున్నవి ఉన్నాయి, మీది తీసుకుంటే వాటిలో ఒకటి ఆగుతుంది" అంది. అంతే. మిషను రిపేరని గానీ, నడుం నొప్పని గానీ అనలేదు. వదినగారు "రాత్రి కూర్చుంటే అయిపోదూ?" అని ఓ రాయి వేసింది. మా ఆవిడ నవ్వి, "అవదు వదినా, గురువారానికి కాదు" అని అదే మాట మళ్లీ అంది. కొత్త కారణం వెతుక్కోలేదు! నేనైతే ఆ పాటికి నా చిన్నప్పటి టైఫాయిడ్ దాకా వెళ్లిపోయేవాణ్ని. ఆ తర్వాత, "చీరకు ఫాల్ కుట్టి బుధవారం సాయంత్రం ఇచ్చేస్తా. జాకెట్టు బజారులో టైలరుకివ్వండి, ఇవాళే ఇస్తే అందుతుంది" అంది. వదినగారు చీర ఇచ్చి, ముక్క పట్టుకుని, పోతూ పోతూ కరివేపాకు కూడా కోసుకెళ్లింది.

ఆ "ఇవాళే ఇస్తే అందుతుంది" దగ్గరే నాకు జ్ఞానోదయమైంది. మనం మొహమాటానికి "చూద్దాంలెండి" అని నాలుగు రోజులు నానబెడతాం. అవతలివాడు దాన్ని ఒప్పుకోలుగా లెక్కేసుకుని ఇంకో మనిషిని వెతుక్కోడు. చివరి రోజు చేతులెత్తేస్తే కోపం రాక ఏమొస్తుంది? మొదటి రోజే కాదంటే వాడికి మూడు రోజులు మిగిలేవి.

సరే, ఇంట్లో రిహార్సలు పెట్టుకున్నాం. ఇంటర్ మొదటి ఏడాది చదివే మా అమ్మాయి సోషల్ మాస్టారి వేషం కట్టింది. నేను గొంతు సవరించుకుని "స్పెషల్ క్లాసులున్నాయి, ఈసారి కుదరదు" అన్నాను. "ఆదివారం క్లాసులుండవుగా మాస్టారూ" అంది. "ఆదివారం... కొంచెం..." అన్నాను. "కొంచెం ఏంటి మాస్టారూ?" అంది. ఆ రిహార్సలు ముగిసేసరికి ఐదు ఫారాలూ ఒప్పుకోవడమే కాక, మా అమ్మాయి బోటనీ రికార్డులో బొమ్మలన్నీ వేసిపెడతానని కూడా మాటిచ్చేశాను. అవి నిజంగానే వేశాను. మందార పువ్వు నిలువుకోత బాగా వచ్చింది కూడా.

మర్నాడు ఇంటర్వెల్లో, స్టాఫ్ రూములో పదిమంది ముందు కాకుండా, వేపచెట్టు కింద పట్టుకున్నాను ఆయన్ని. నలుగురిలో కాదంటే అవతలివాడికి చిన్నతనమని మా ఆవిడ ముందే చెప్పింది. "మాస్టారూ, కంప్యూటరు, నెట్, మా ఆవిడ ఒంట్లో బాగోలేకపోవడం, మూడూ అబద్ధాలే, ఏమనుకోకండి. చెల్లెమ్మ వాళ్లవి ఈసారి నేను చేయలేను. రెండు పూటలా టెన్త్ పిల్లలతోనే సరిపోతోంది. ఖాళీ ఎక్సెల్ షీటు పంపిస్తాను, జీతం అంకెలు వాళ్లనే నింపుకోమనండి. చెల్లెమ్మది మాత్రం నింపి, ప్రింటు తీసి తెస్తే శనివారం భోజనం గంటలో కూర్చుని చివరి పేజీ చూసిపెడతాను" అన్నాను.

"ఆ నలుగురివి?" అన్నాడు.

సరేనన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "చేయలేను మాస్టారూ. ఇవాళ షీటు పంపిస్తే వాళ్లకి వారం టైముంటుంది."

ఆయన కాసేపు వేపచెట్టు వంక చూశాడు. "అబ్బ, ఈ మాట ముందే అనుంటే హార్లిక్సు డబ్బులు మిగిలేవిగా" అని పకపకా నవ్వాడు. శనివారం ప్రింటు తెచ్చాడు. నేను భోజనం గంట వరకే చూసి, బెల్లు కొట్టగానే పెన్ను మూశాను. ఆ మరుసటి వారం "చెల్లెమ్మ ఫారం ఇచ్చేశారా?" అని నేనే అడిగాను. కాదన్న పని గురించి మళ్లీ ఆరా తీస్తే, కాదన్నది పనిని గానీ మనిషిని కాదని వాళ్లకు అర్థమవుతుందట. ఇది కూడా మిషను దగ్గర నేర్చుకున్నదే.

ఈ చిట్కా హెడ్మాస్టరుగారి దగ్గర పనిచేయదు, ముందే చెబుతున్నాను. ఆయన మార్కుల ఎంట్రీ పని ఇస్తే, "తప్పకుండా సార్, సాయంత్రం క్లాసు ఆపి ఇది చేయనా, ఎల్లుండి దాకా ఆగగలరా?" అని ఎంపిక ఆయన చేతికే వదిలేయాలి. హిందీ టీచరమ్మ విషయంలో ఇంకో జాగ్రత్త కూడా పడ్డాను. ఆవిడ ఫారం చేసిపెడితే సోషల్ మాస్టారికి ఇంటర్వెల్ లోపే తెలిసిపోతుంది. అందుకని ఆవిడకూ అదే షీటు, అదే శనివారం.

ఇంత విజయం సాధించాక మనిషి ఊరుకుంటాడా? ఇంటికొచ్చి, మీసం మీద చెయ్యేసుకుని, జరిగినదంతా రెండుసార్లు చెప్పాను. మా ఆవిడ శ్రద్ధగా విని, మిషను సొరుగులోంచి ఓ కవరు తీసింది. వాళ్ల తమ్ముడి జీతం స్లిప్పులు.

నేను తడబడలేదు. "మీ తమ్ముడంటే నాకు ప్రాణం. కానీ ఈసారి చేయలేను. టెన్త్ క్లాసులు. నింపి తెస్తే చివరి పేజీ చూస్తాను" అన్నాను, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

"బాగా చెప్పారు" అంది మెచ్చుకోలుగా. "అయితే చివరి పేజీ చూస్తారన్నమాట."

"చూస్తాను."

"ఏ రోజు, ఎంతసేపని చెప్పలేదు మీరు."

చెప్పలేదు. సోషల్ మాస్టారికి భోజనం గంట అని గీత గీశాను, ఇక్కడ మర్చిపోయాను.

"మరి చివరి పేజీ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే మొదటి పేజీ నుంచి చూడాలిగా?" అని కవరు నా చేతిలో పెట్టి, "వాడు ఇల్లు మారాడు, అద్దె రశీదులు కూడా అందులోనే ఉన్నాయి. పాత పద్ధతి లాభమో కొత్తది లాభమో రెండూ వేసి చూడండి" అంటూ మిషను తొక్కడం మొదలెట్టింది.