వెంట్రుకల రంగు: నలుపు

యాభై దాటిన ఆడదానికి గడ్డం మీద నాలుగు వెంట్రుకలు మొలవడం వింతేమీ కాదు. ముట్లుడిగాక ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గి మగ హార్మోనుది పైచేయి అవుతుంది. దాంతో తల మీద ఉండాల్సినవి పలచబడి, గడ్డం మీద అక్కర్లేనివి బిరుసెక్కుతాయి. ఇదంతా తెలిసే నేను ముప్ఫై వేలు పోసి లేజరు ప్యాకేజీ కొన్నాను. అమ్మాయి పెళ్లి కుదిరింది మరి. ఈ రోజుల్లో పెళ్లికూతురి తల్లి మొహాన్ని కూడా కెమెరావాళ్లు రంధ్రాలు లెక్కపెట్టేంత దగ్గరగా తీస్తున్నారు.

"ఏముందే గడ్డం మీద? నాకేం కనబడట్లేదు" అన్నారు మా ఆయన. అప్పుడాయన కళ్లజోడు టీవీ మీదుంది.

క్లినిక్‌లో నా ఎదురుగా కూర్చున్న కౌన్సెలర్ పిల్ల మా అమ్మాయి కంటే చిన్నది. ఆంటీ అనకుండా మేడమ్ అంది. అక్కడికే సగం పడిపోయాను. నాలుగు పేజీల ఫారం తీసి తనే నింపుతూ పోయింది. చర్మం రంగు, మందులు, అలర్జీలు అయ్యాక "వెంట్రుకల రంగు" అనే గడి వచ్చింది. తలెత్తి నా జుట్టు వంక చూసి, "నలుపు" అని టిక్కు పెట్టేసింది.

అది అంతకు ముందు ఆదివారం వేసుకున్న రంగు. ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు, చివరికి కూరగాయల బండివాడు కూడా ఏనాడూ నమ్మని ఆ నలుపుని ఈ పిల్ల ఒక్కర్తే నమ్మింది. అంత నమ్మకాన్ని వమ్ము చేయబుద్ధి కాలేదు. కిమ్మనకుండా కింద సంతకం చేశాను.

పై పెదవికి 12,000, గడ్డానికి 18,000. ఎనిమిది సిట్టింగులు, నెలకొకటి. సిట్టింగుకు ముందురోజు నున్నగా గీసుకుని రావాలి. త్రెడింగు గానీ ప్లక్కరు గానీ పనికిరాదు, ఎందుకంటే వేరు చర్మంలోనే ఉండాలట. గీసుకోవడానికి మా ఆయన రేజరు కంటే దగ్గరగా ఏముంటుంది? "ఈ బ్లేడేమిటీ ఇంత తొందరగా మొద్దుబారుతోంది" అని ఆయన కంపెనీని తిట్టుకుంటుంటే, "అన్నీ నాసిరకం వస్తున్నాయండీ" అని వంత పాడాను.

సిట్టింగంటే కళ్లకు నల్ల అద్దాలు పెట్టి, చల్లటి జెల్లు రాసి, మర బొడిపెను మొహమంతా తిప్పడం. పై పెదవి మీద పెడితే సూదులు గుచ్చినట్టుండేది, కాస్త కమురు వాసన కూడా వచ్చేది. గడ్డం దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. "నొప్పిగా ఉందా మేడమ్?" అంటే "అబ్బే, అస్సలు లేదు" అనేదాన్ని. ఇంటికొచ్చి, నాకు ఓర్పు పుట్టుకతోనే వచ్చిందనీ, ఈ కాలం పిల్లలైతే కేకలు పెట్టేవాళ్లనీ రాత్రి అన్నం దగ్గర ఉపన్యాసమిచ్చేదాన్ని.

అయిదు సిట్టింగులయ్యేసరికి పై పెదవి మీద నూగు రాలిపోయి శుభ్రపడింది. గడ్డం మాత్రం ఎప్పటిలాగే పచ్చగా, క్షమించాలి, తెల్లగా ఉంది. "హార్మోన్లు మేడమ్, థైరాయిడ్ చూపించుకోండి" అంది కౌన్సెలర్ పిల్ల. చూపించుకున్నాను, నిక్షేపంలా ఉంది. అక్కడికి దగ్గర్లోనే వేరే చర్మం డాక్టరమ్మ ఉంటే వెళ్లాను. ఆవిడ భూతద్దం పెట్టి ఒక్క క్షణం చూసి, "ఇవన్నీ తెల్లవి కదమ్మా! వీటి మీద లేజరెవరు చేశారు?" అంది.

లేజరు వెంట్రుకను చూడదట, దానిలోని మెలనిన్ అనే నల్లరంగును పట్టుకుంటుందట. ఎండలో నల్ల గొడుగు వేడెక్కినట్టు ఆ రంగు కాంతిని తాగి వేడెక్కితే, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. తెల్లవెంట్రుకలో తాగడానికి రంగేదీ? కాంతి తన దారిన తాను పోతుంది. అందుకే నొప్పి లేదు, వాసన లేదు, చేసిన కాసేపటికి కుదుళ్ల చుట్టూ రావాల్సిన ఎర్రదనమూ లేదు. నా ఓర్పు గురించి ఇచ్చిన ఉపన్యాసాలన్నీ గుర్తొచ్చి మంచినీళ్లు అడిగాను. తెల్లవాటికి ఎలక్ట్రాలిసిస్ ఒకటే దారట, ఒక్కో కుదురులోకీ సన్నటి సూది దించి కరెంటు పంపిస్తారు.

ఇక ఫిర్యాదు. మొదటి చిత్తు నాలుగు పేజీలొచ్చింది. అందులో మా అమ్మాయి పెళ్లి, ఆడవాళ్ల ఆత్మగౌరవం, సమాజం తీరు అన్నీ ఉన్నాయి, బిల్లు నంబరు తప్ప. మా ఆయన ఆడిట్ ఆఫీసులో రిటైరైన మనిషి. ఎర్రపెన్ను తీసి మూడు పేజీలు కొట్టేశారు.

"మొత్తం డబ్బు అడక్కు. పెదవికి పనిచేసింది కదా, అదీ కలిపి అడిగితే నీదే అబద్ధమవుతుంది. గడ్డానికి విడిగా ధర వేశారు, ఆ 18,000 అడుగు. ఫలితం రాలేదని రాయకు, ఫలితం మనిషిని బట్టి మారుతుందని వాళ్ల ఫారంలోనే ఉంది. ఫలితం రావడానికే వీల్లేని చోట అమ్మారని రాయి."

"మరి నలుపని టిక్కు ఉంది కదండీ?"

"అదీ రాయాలి. తలకు రంగేసుకున్నానని, ఆ అమ్మాయి గడ్డం చూడకుండా తల చూసి టిక్కు పెట్టిందని. వాళ్లు బయటపెట్టేకంటే నువ్వు ముందు చెప్పడం మేలు."

ఆ ఒక్క వాక్యం రాయడానికి పట్టినంత సేపు మిగతా ఉత్తరానికి పట్టలేదు. తేదీలు, బిల్లు నంబరు, డాక్టరమ్మ చీటీ నకలు జతచేసి, నా ట్రీట్‌మెంట్ రికార్డు, మొదటిరోజు వాళ్లు తీసిన ఫొటోలు ఇమ్మని అడిగాను. అసలు బలమంతా ఆ ఫొటోల్లోనే ఉంది. తర్వాతెప్పుడూ గీసుకునే వెళ్లాను కాబట్టి రంగు తెలియలేదని వాళ్లు తప్పించుకోవచ్చు. కానీ మొదటిరోజు ఫ్లాషులో ప్రతి తెల్లవెంట్రుకా వెండితీగలా మెరుస్తోంది.

జవాబుగా ముందు ఫోనొచ్చింది. బిల్లు మీద "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని ఉందట, కావాలంటే ఆ సొమ్ముకి ఫేషియల్స్ చేస్తారట. మొహం మెరిసిపోతుందనేసరికి నోరు తెరిచి సరేననబోయాను. మా ఆయన ఫోను లాక్కున్నారు. బిల్లు మీద అచ్చేసినంత మాత్రాన చట్టం చెరిగిపోదని, లోపమున్న సేవకు ముప్ఫై రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోతే 2019 వినియోగదారుల చట్టం దాన్ని అనుచిత వ్యాపారమే అంటుందని నెమ్మదిగా చెప్పారు. ముందు 1915కి ఫోను చేస్తామని, అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్తామని, అయిదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదని, రెండేళ్ల వరకు గడువుందని అన్నారు. ఆడిట్ ఆఫీసు గొంతు నేను మళ్లీ విన్నది ఆ రోజే.

వారంలో మెయిలొచ్చింది. మెషీను, మనిషి ఖర్చు పోను 12,000 ఇస్తారట. పై పెదవికి మిగిలిన సిట్టింగులు యథాప్రకారం చేస్తారట.

"ఒప్పుకోకు. కమిషన్‌కి వెళ్తే మిగతా ఆరు వేలూ, ఖర్చులూ కూడా వస్తాయి" అన్నారాయన ఉత్సాహంగా.

"అక్కడేం చూపిస్తామండీ?"

"ఇంకేముంది, ఆ ఫొటోలు పెద్దవి చేయించి, ఎగ్జిబిట్ ఎ-1 అని గుర్తువేసి, బెంచి ముందు పెడతాం. అవతలి లాయరు కూడా చూడాలిగా."

వెంటనే సరేనని క్లినిక్‌కి మెయిలు కొట్టాను. ఆరు వేలు పోతే పోయాయి, నా గడ్డం కోర్టుకెక్కలేదు.